మోటారు కాలింది, వారంటీ రాదు: ఈ మాట రైతుకి ఎట్టా చెప్పాలి

డిసెంబర్ దాటి మిర్చికి తడులు పెరిగాయంటే గుంటూరులో పంపుసెట్ల సర్వీస్ షాపుల ముందు ఆటోలు ఆగడం మొదలవుద్ది, ఆటోలో గోనెసంచి మీద పడుకోబెట్టిన సబ్‌మెర్సిబుల్ మోటారు, దాని పక్కన వారంటీ కార్డు జేబులో పెట్టుకున్న రైతు. బోరులోంచి మోటారు పైకి లాగించడానికే కూలీలకి డబ్బులు పోసి వచ్చి ఉంటాడు, చేలో పైరు ఎండుతా ఉంటది, అట్టాంటి మనిషికి 'ఇది వారంటీలో రాదండీ' అని చెప్పాలి. మేం ఈ పనిలోనే ఉన్నాం కాబట్టి చెప్తున్నా, ఇక్కడ జరిగే గొడవల్లో చాలావరకు కారణం చూపించకుండా రూలు చూపించడం వల్ల వచ్చేవే. కార్డు తిప్పి వెనక చిన్న అక్షరాల మీద వేలు పెట్టి 'ఇదిగో రాసుంది' అంటే ఎవడికైనా మండుద్ది.

అందుకని మర్యాదగా ఎట్టా చెప్పాలో తర్వాత చూద్దాం, ముందు అసలు రాదని మనకి ఎట్టా తెలుస్తుందో చూడాలి, అది గట్టిగా తెలియకపోతే ఎంత తియ్యగా చెప్పినా ఉపయోగం లేదు. అన్ని రకాల కేసులూ ఎత్తుకోను, మా దగ్గరికి ఎక్కువగా వచ్చేదీ ఎక్కువ తగాదా అయ్యేదీ ఒకటే తీసుకుంటా: త్రీఫేజ్ మోటారు రెండు ఫేజుల మీద నడిచి కాలిపోవడం. మెకానిక్‌లు దీన్నే సింగిల్ ఫేజింగ్ అంటారు.

లోపల ఏం జరుగుద్దంటే, మోటారుకి మూడు వైర్లలో కరెంటు వస్తది కదా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయిందనుకోండి, లేకపోతే స్టార్టర్‌లో ఒక కాంటాక్ట్ కాలి అతుక్కోలేదనుకోండి, అప్పటికే తిరుగుతున్న మోటారు ఆగదు, గుర్రుమంటూ కొంచెం నెమ్మదిగా తిరుగుతానే ఉంటది. లోడ్ మాత్రం అంతే, నీళ్ళు పైకి తోయాలి. దాంతో మిగిలిన రెండు ఫేజులే ఆ బరువంతా మోస్తాయి, మామూలుగా 7.5 ఆంప్స్ తీసుకునే 5 హెచ్‌పీ మోటారు ఆ రెండిట్లో 13 దాకా లాగుద్ది. వైండింగ్ వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటది, అది ఆ వేడికి మెత్తబడి, కరిగి, ఒకదానికొకటి అంటుకుని షార్ట్ అయిపోద్ది.

మోటారు విప్పితే ఇది చదువు రానివాడికి కూడా కనిపిస్తది. స్టార్ కనెక్షన్ ఉన్న మోటారయితే, చుట్టూ ఉన్న ఆరు కాయిల్ గ్రూపుల్లో నాలుగు నల్లగా ముద్దలాగా అయిపోయి ఉంటాయి, ఎదురెదురుగా ఉన్న రెండు మాత్రం నిన్న చుట్టినట్టు తెల్లగా మెరుస్తుంటాయి. కరెంటు రాని ఫేజు తాలూకు గ్రూపులు అవి, వాటికి పని లేదు కాబట్టి వేడెక్కలేదు. డెల్టా అయితే తిరగబడుద్ది, ఒక ఫేజు నల్లబడి రెండు బాగుంటాయి. మూడు ఫేజులూ ఒకేలాగా మాడితే అది ఓవర్‌లోడ్, లో వోల్టేజీ లాంటి వేరే కథ. అట్టా కాకుండా వైండింగ్ అంతా శుభ్రంగా ఉండి ఎక్కడో ఒక స్లాట్ దగ్గర మాత్రమే చిల్లు పడ్డట్టు కాలిందంటే ఎక్కువసార్లు అక్కడ తొడుగు ముందే దెబ్బతిని ఉందని లెక్క, నన్నడిగితే అట్టాంటివి తయారీ లోపం కింద క్లెయిమ్‌కి పంపాల్సిందే, వేరే కారణం గట్టిగా కనబడితే తప్ప.

ఇంతవరకు అందరు మెకానిక్‌లకీ తెలుసు, చిక్కు ఇక్కడి నుంచే. నాలుగు నలుపు రెండు తెలుపు చూడగానే 'సింగిల్ ఫేజింగ్, వారంటీ లేదు' అని రాసేస్తారు. కానీ ఆ నమూనా చెప్పేది ఒక ఫేజు రాలేదని మాత్రమే. ఎక్కడ ఆగిపోయిందో చెప్పదు. ఫేజు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పోయినా అట్టాగే కాలుద్ది, మోటారు లోపల కంపెనీ వాడు వేసిన జాయింట్ ఊడిపోయినా అచ్చం అట్టాగే కాలుద్ది. మొదటిది వారంటీలో రాదు, రెండోది ఖచ్చితంగా రావాలి. ఈ తేడా చూడకుండా క్లెయిమ్ కొట్టేస్తే అది అన్యాయం, ఎంత మర్యాదగా కొట్టేసినా అంతే.

తేల్చుకోవడం పెద్ద కష్టం కూడా కాదు. కాలని ఆ తెల్ల ఫేజు ఉంది చూశారా, దాని లీడు దగ్గర మీటరు ఒక ముల్లు పెట్టి, రెండో ముల్లు మూడు ఫేజులూ కలిసే స్టార్ పాయింట్ దగ్గర పెట్టాలి. కంటిన్యుటీ వస్తే లోపల దారి బాగానే ఉంది, కరెంటే బయట నుంచి రాలేదు. రాకపోతే లోపలే తెగింది, ఇక మారు మాట లేదు, క్లెయిమ్ పాస్ చేసి పంపాలి. జాయింట్ వదులుగా ఉండి మీటరుకి దొరక్కపోవచ్చు కాబట్టి లీడుని కొంచెం లాగి, కదిపి మళ్ళీ చూడాలి, జాయింట్ చుట్టూ నిప్పురవ్వలు కొట్టిన మచ్చ ఉందేమో చూడాలి. ఇంకోటి, మోటారు లీడుకీ పైకి వచ్చే కేబుల్‌కీ మధ్య బోరులో దింపేటప్పుడు ఫిట్టర్ వేసిన జాయింట్ ఒకటి ఉంటది. అది ఊడితే తప్పు కంపెనీదీ కాదు రైతుదీ కాదు, ఫిట్టింగ్ చేసినవాడిది, ఆ ఫిట్టర్‌ని డీలరే పంపి ఉంటే ముందు డీలర్‌తో మాట్లాడాలి.

ఒక కేసు చెప్తా. ఫిరంగిపురం వైపు నుంచి ఒక పెద్దాయన తెచ్చాడు, 5 హెచ్‌పీ మోటారు, కొని ఎనిమిది నెలలు, కార్డు మీద ఏడాది వారంటీ, బిల్లు ఉంది, సీల్ ఉంది, అన్నీ సక్రమంగా ఉన్నాయి. అట్టాంటప్పుడు విప్పేది ఆయన ముందే విప్పాలి. లోపలికి పట్టుకెళ్ళి విప్పి తర్వాత బయటికొచ్చి 'కాలింది బాబాయ్' అంటే లోపల ఏం చేశావో ఎవరికి తెలుసు. స్టూల్ వేసి కూర్చోబెట్టి, సీరియల్ నంబర్‌కి ఒక ఫొటో, సీల్‌కి ఒక ఫొటో తీసి అప్పుడు బోల్టులు విప్పాం.

నాలుగు నలుపు, రెండు తెలుపు. స్టార్ కనెక్షనే. తెల్ల ఫేజుకి మీటరు పెడితే బీప్ వచ్చింది, లీడు లాగి చూసినా వచ్చింది, కేబుల్ జాయింట్ టేపు విప్పి చూస్తే గట్టిగా ఉంది. అప్పుడు ఆయన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంటది, దాన్ని అడిగే తీరులోనే సగం సంగతి ఉంది. 'మీరు టూ ఫేజ్ మీద వేశారా?' అంటే ఎవరైనా లేదనే అంటారు, ఎందుకంటే అది ప్రశ్న కాదు, నేరం మోపడం. 'కాలిన రోజు ఊళ్ళో కరెంటు ఎట్టా ఉంది బాబాయ్?' అని అడిగితే ఆయనే చెప్పుకొచ్చాడు:

'పొద్దున బానే వచ్చిందయ్యా. మాకు ఆటో స్టార్టర్ కదా, కరెంటు రాగానే అదే ఎత్తుకుంటది, నేను ఇంటికాడ ఉన్నా. మధ్యాహ్నం పోయేసరికి ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు పోయిందని పక్క చేను వాళ్ళు చెప్పారు, సాయంత్రానికి వేశారు. మళ్ళీ నీళ్ళు రాలే.'

వాళ్ళబ్బాయి స్టార్టర్ ఫొటో వాట్సాప్‌లో పంపాడు. ఓవర్‌లోడ్ రిలే డయల్ 8 దగ్గర ఉండాల్సింది చివరికి, 14 దగ్గరికి తిప్పి ఉంది. మాటిమాటికీ ట్రిప్ అవుతుందని ఎవరో మెకానిక్ తిప్పి ఉంటాడు, ఇది చేలల్లో మామూలే. 13 ఆంప్స్ లాగే మోటారుని 14 దగ్గర పెట్టిన రిలే ఎట్టా ఆపుద్ది? ఒక ఫేజు పోగానే మోటారుని ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అసలు లేనే లేదు. అంటే కథ మొత్తం దొరికింది: ఫేజు బయట పోయింది, ఆపాల్సినవి ఆపలేదు, మోటారు మధ్యాహ్నం దాకా మాడింది.

ఇప్పుడు చెప్పాలి. మేం పాటించే వరస ఇది: ముందు చూసింది, తర్వాత దాని అర్థం, ఆ తర్వాత వారంటీ మాట, ఆ వెంటనే దారి. చాలామంది మొహమాటానికి పోయి అసలు మాటని చివరికి నెట్టి, 'కంపెనీకి పంపి చూస్తాం, వాళ్ళేమంటారో' అని నాన్చుతారు, రాదని తమకి తెలిసినా సరే. అది మర్యాద కాదు, ఆ పది రోజులు ఆయన చేను ఎండుతా ఉంటది, రాదని ఆ రోజే తెలిస్తే వేరే ఏర్పాటు చేసుకునేవాడు. అట్టాగే 'మాదేం లేదండీ, కంపెనీ ఒప్పుకోదు' అని పైవాళ్ళ మీదకి తోసేయడం కూడా నాకు నచ్చదు, చూసింది మనం, తేల్చింది మనం, ఆ మాట మన నోటితోనే రావాలి.

'ఇటు చూడండి బాబాయ్, ఈ రెండూ తెల్లగా ఉన్నాయి, ఈ నాలుగూ మాడినాయి. ఈ రెండూ ఒక ఫేజు, దానికి ఆ రోజు కరెంటు రాలేదు, మిగతావి దాని బరువు కూడా మోసి కాలిపోయినాయి. లోపల తీగ ఏదన్నా తెగిందేమో అని మీటరు పెట్టి చూశాం, మీరూ విన్నారు, తెగలా. తెగుంటే వారంటీలోనే చేసిచ్చేవాళ్ళం. ఫేజు బయట పోయింది కాబట్టి ఇది వారంటీలో రాదు బాబాయ్.'

'అంటే తప్పు నాదంటావా?'

'మీదని ఎందుకంటా. ఫ్యూజు మీరు తీశారా ఏంది. కానీ మోటారు తయారీలో లోపం కూడా కాదు, కార్డు ఇచ్చేది దానికే.'

ఈ చివరి రెండు ముక్కలు ముఖ్యం. మన ఊళ్ళల్లో వారంటీ అంటే 'ఏడాదిలోపు ఏమైనా కంపెనీదే' అని అర్థం చేసుకుంటారు, అమ్మేటప్పుడు డీలర్ కూడా అట్టాగే చెప్తాడు మరి, 'ఏడాది నిశ్చింతగా ఉండండి' అని. అది ఇన్సూరెన్స్ లాంటి మాట, కార్డు మీదున్నది అది కాదు, తయారీలోనో సరుకులోనో లోపం ఉంటే బాగుచేసిస్తామని. ఆ తేడా వివరించడానికి రెండు నిమిషాలు పడుద్ది, ఆ రెండు నిమిషాలు పెట్టాలి. అయితే ఒక సంగతి, మీ కార్డులో సింగిల్ ఫేజింగ్, వోల్టేజీ తేడాలు, నీళ్ళు లేకుండా నడవడం లాంటివి వర్తించవని రాసుందో లేదో ముందు మీరు చదవండి. రాసుంటే ఆ షరతు నంబర్ చెప్పండి. రాయకపోతే మీ అంతట మీరు కొట్టేయొద్దు, కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

'మరి కరెంటోళ్ళని అడగమంటావా?' అని కూడా అడుగుతారు. అక్కడ ఆశ పెట్టకూడదు, భయపెట్టనూ కూడదు. మేం చెప్పేదేంటంటే, మోటారులో మేం చూసింది కాగితం మీద రాసిస్తాం, దాన్ని మీరు ఎక్కడ చూపించుకున్నా మాకు అభ్యంతరం లేదు అని. అంతకుమించి మాట ఇవ్వం.

నోటితో చెప్పింది ఇంటికెళ్ళేసరికి సగం మారిపోద్ది, వాళ్ళబ్బాయి ఫోన్ చేసి మళ్ళీ మొదటి నుంచి అడుగుతాడు. అందుకే అదే రోజు వాట్సాప్‌లో పెట్టాలి, ఫొటోలతో సహా. ఆ కేసులో పెట్టిన మెసేజ్ దాదాపు ఇట్టా ఉంటది:

'నమస్కారం అండీ. మీ 5 హెచ్‌పీ మోటారు ఈ రోజు మీ ముందే విప్పి చూశాం. మూడు ఫేజుల వైండింగ్‌లో రెండు కాలినాయి, ఒకటి బాగుంది. బాగున్న ఫేజుకి మోటారు లోపల ఎక్కడా తెగలేదు, జాయింట్లు కూడా బాగున్నాయి. అంటే మోటారు నడుస్తుండగా బయట నుంచి ఒక ఫేజు రాలేదు. ఇట్టా కాలిన వైండింగ్ కార్డు వెనక ఉన్న షరతుల ప్రకారం వారంటీ కిందకి రాదు, ఆ షరతు ఫొటో పెట్టాను. అందువల్ల ఈ క్లెయిమ్ తీసుకోలేకపోతున్నాం. డబ్బులకి రిపేరు చేయించుకోవాలంటే వివరాలు కింద ఉన్నాయి. వద్దనుకుంటే మోటారు అట్టాగే బిగించి ఇచ్చేస్తాం, చూసినందుకు చార్జీ లేదు. వేరే చోట చూపించుకోవాలనుకున్నా మీ ఇష్టం.'

చూశారా, ఇందులో 'దురదృష్టవశాత్తు', 'చింతిస్తున్నాము' లాంటివి లేవు. ఆ మాటలు మన దగ్గర ఎవరూ మాట్లాడరు, అవి చూస్తే లాయర్ నోటీసు గుర్తొస్తది. 'మీ నిర్లక్ష్యం' అన్న మాట లేదు. రిలే డయల్ 14 దగ్గర ఉన్న సంగతి కూడా ఇందులో లేదు, ఎందుకంటే క్లెయిమ్ కొట్టేయడానికి అది అక్కర్లేదు, ఫేజు బయట పోయిందన్నది చాలు. డయల్ సంగతి రిపేరు మాట వచ్చినప్పుడు చెప్పాలి, అప్పుడది తప్పు పట్టడంలాగా కాకుండా జాగ్రత్త చెప్పినట్టు ఉంటది.

ఇక రిపేరు. ఇక్కడ రైతు మనసులో ఒక అనుమానం ఉంటది, పైకి అనకపోయినా ఉంటది: వారంటీలో చేస్తే కంపెనీ వీళ్ళకి ఇచ్చేది తక్కువ, డబ్బులకి చేస్తే మిగిలేది ఎక్కువ, అందుకే రాదంటున్నారు. నిజం చెప్పాలంటే ఆ అనుమానం పూర్తిగా గాలిమాటేం కాదు, అట్టా చేసే షాపులు ఉన్నాయి. దానికి నాకు తెలిసిన మందు ఒకటే, 'రాదు' అన్న నోటితోనే ఆ నిమిషంలోనే ఆర్డర్ తీసుకోకపోవడం. ఎస్టిమేట్ రాసిచ్చి, ఇంటికెళ్ళి ఆలోచించుకోమని, ఆటోనగర్‌లోనో మీ ఊరి పక్కనో వేరే వైండింగ్ అతనికి ఫొటోలు చూపించుకోమని చెప్పాలి. బయటివాడు కూడా అదే చెప్తే మనిషి మెత్తబడతాడు. చెప్పకపోతే మనమే ఇంకోసారి చూసుకోవాల్సి ఉంటది, అదీ మంచిదే.

ఎస్టిమేట్‌లో మొత్తం ఒక్క అంకె రాయకూడదు, విడదీయాలి. ఆ మోటారుకి మేం రాసింది: రాగి వైరుతో రీవైండింగ్ కూలీతో కలిపి 5,400, బుష్‌లు 700, థ్రస్ట్ బేరింగ్ 600, మొత్తం 6,700, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,206, వెరసి 7,906 రూపాయలు. మూడు రోజుల్లో ఇస్తాం, మా వైండింగ్‌కి ఆరు నెలలు గ్యారంటీ, అది మా షాపుది, కంపెనీది కాదు. రాగి అని రాయడం ఎందుకంటే తక్కువకి చేస్తామన్న చోట అల్యూమినియం వేసే వాళ్ళున్నారు, పోల్చుకునేటప్పుడు రైతుకి అది తెలియాలి. బుష్‌లు ఎందుకు మార్చాలో ఆ అరిగిన బుష్ చేతికిచ్చి చూపించాలి, బాగుంటే మార్చొద్దు, ఆ లైన్ కొట్టేయాలి. రీవైండింగ్ చేశాక కంపెనీ వారంటీలో మిగిలిన నాలుగు నెలల సంగతేంటో కూడా అప్పుడే చెప్పాలి, చాలా కార్డుల ప్రకారం వైండింగ్ మీద ఇక ఉండదు, పంపు భాగం మీద ఉంటదో లేదో కంపెనీని అడిగి చెప్పండి, ఊహించి చెప్పొద్దు.

ప్రివెంటర్ వేయించుకోమనీ, రిలే డయల్ నేమ్‌ప్లేట్ మీదున్న ఆంప్స్ దగ్గర పెట్టించుకోమనీ చెప్పేది ఇక్కడే. 'ఇది చేయకపోతే మేం చుట్టింది కూడా ఇట్టాగే కాలుద్ది బాబాయ్, అప్పుడు మా గ్యారంటీ కూడా రాదు' అని ముందే అనేయాలి, తర్వాత అంటే మళ్ళీ ఇదే పంచాయితీ. అట్టాగని ప్రివెంటర్ మన షాపులోనే కొనాలని అనకండి, అనుమానం మళ్ళీ మొదటికొస్తది.

ఎంత చెప్పినా ఒప్పుకోని వాళ్ళు ఉంటారు. కన్జ్యూమర్ కోర్టుకి వెళ్తా అంటారు. వెళ్ళనివ్వండి, వాళ్ళ హక్కు, ఇంకా కావాలంటే 1915 హెల్ప్‌లైన్ నంబర్ కూడా మనమే చెప్పొచ్చు, మన దగ్గర దాచుకునేదేం లేనప్పుడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్ళ లోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చు, ఇట్టాంటి చిన్న మొత్తాలకి ఫీజు కూడా లేదు. వస్తువులో లోపం ఉందో లేదో పరీక్ష చేస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ దాన్ని ల్యాబ్‌కి పంపించొచ్చు. అంటే అక్కడ మన మాటకన్నా ఆ కాలిన వైండింగ్‌కే విలువ ఎక్కువ.

రీవైండింగ్ చేయాలంటే పాత వైండింగ్ కోసి పీకేయాలి కదా, ఒకసారి పీకాక ఏది నలుపో ఏది తెలుపో ఎవరూ చెప్పలేరు. అందుకని రైతు 'చేసెయ్యండి' అన్నా కూడా, మనసులో ఇంకా ఒప్పుకోనట్టు కనిపిస్తే, కోసేస్తే ఆ ఆధారం పోతుందని విడమర్చి చెప్పి, చుట్టూ అన్ని వైపులా ఫొటోలు తీసి ఆయన ఫోన్‌కీ పంపి, 'చూశాను, కోయమన్నాను' అని జాబ్ కార్డు మీద సంతకం తీసుకున్నాకే కటింగ్ మొదలెట్టాలి. తీసిన పాత రాగి ఆయనదే, తూకం వేసి ఇవ్వండి, లేదా ఆ రోజు రేటు ప్రకారం బిల్లులో తగ్గించండి, ఏది చేస్తారో ఎస్టిమేట్‌లోనే రాయండి. ఇందాకటి కేసులో పెద్దాయన నాలుగో రోజు వచ్చి చేయమన్నాడు, రాగి మాత్రం సంచిలో వేయించుకుని తానే పట్టుకెళ్ళాడు.